పొద్దున్నే డ్యూటీకి రాలేనని తేలితే: ఫోనా, మెసేజా, మెయిలా?

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. లేదా రాత్రంతా వాంతులు, లేదా ఇంట్లో పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. పదింటికి డ్యూటీ. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "గుడ్ మార్నింగ్ సార్, ఒంట్లో బాలేదు, ఈరోజు లీవ్" అని పెట్టి, చివర దండం బొమ్మ తగిలించి, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. పదీ పదికి ఆఫీసులో గొడవ మొదలవుతుంది. లేచి చూస్తే ఫోన్‌లో పదకొండు మిస్డ్ కాల్స్. "మెసేజ్ పెట్టాను కదా" అని వీళ్లు, "ఎవరు చూశారు" అని వాళ్లు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. వచ్చిన చిక్కల్లా పదింటిలోపు అందాల్సిన కబురును, ఎప్పుడు చూస్తారో తెలియని చోట పెట్టడం.

ముందే అనుకున్న సెలవుల సంగతి వేరు. పెళ్లికో, తిరుపతికో వెళ్లేవాళ్లు మెయిల్ పెట్టి, పోర్టల్‌లో అప్లై చేసి, తీరిగ్గా అనుమతి తెచ్చుకోవచ్చు. ఇక్కడ చెప్పేది డ్యూటీ మొదలవడానికి కొన్ని గంటల ముందు బయటపడ్డ గైర్హాజరు గురించే.

చేతిలో ఉండాల్సినవి

రెండు నంబర్లు. ఒకటి మీ పై అధికారిది, రెండోది ఆయన దొరక్కపోతే మీ పని సర్దగలిగినవాళ్లది. రెండూ ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. వాట్సాప్ గ్రూపులో వెతికి పట్టుకుందాంలే అనుకుంటే, జ్వరంలో ఆ వెతుకులాట తప్పదు. ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు దీనికి పనికిరాదు. మీకు అవసరమయ్యే టైముకి అక్కడ ఎత్తేవాళ్లు ఉండరు. లీవ్ పోర్టల్ పాస్‌వర్డ్ సాయంత్రందాకా గుర్తుకు రాకపోయినా కొంప మునగదు.

మొదటి మెట్టు: ఎవరు ఆగిపోతారో లెక్కేయండి

ఫోన్ చేయాలా, మెసేజ్ చాలా అన్నది మీ జ్వరం ఎంతుందో, మీ బాస్ ఎంత కోపిష్టో చూసి తేల్చేది కాదు. చూడాల్సింది గడియారం. మీరు లేకపోతే పని ఆగిపోయే మొదటి మనిషి ఎవరు, ఎన్నింటికి ఆగిపోతారు? ఉదయం షిఫ్టు నర్సు రాకపోతే నైట్ డ్యూటీ నర్సు చార్జి అప్పజెప్పలేదు, ఇంటికి వెళ్లలేదు. అంటే ఎనిమిదింటికే ఒక మనిషి ఇరుక్కుపోయింది. బడిలో అయితే ఫస్ట్ పీరియడ్ బెల్లు. బ్యాంకు కౌంటర్‌లో అయితే పది. సాఫ్ట్‌వేర్ టీమ్‌లో మీ పని సాయంత్రందాకా ఎవరికీ అడ్డం పడకపోతే, పదిన్నర కాల్‌లో మీరు లేకపోయినా ఎవరూ ఆగిపోరు.

ఆ టైముకి మూడు గంటలలోపే ఉంటే ఫోన్, ఇంకో మాట లేదు. మూడు గంటల లెక్క ఎక్కడిదంటే: మీ బదులు ఎవరిని పిలవాలో పైవాళ్లు ఆలోచించి, నాలుగైదు ఫోన్లు చేసి ఒకరిని ఒప్పించడానికి అరగంట నుంచి ముప్పావుగంట. ఆ వచ్చే మనిషి స్నానం చేసి, పిల్లల టిఫిన్ సంగతి చూసి, బస్సో బండో పట్టుకుని రావడానికి గంటన్నర. మిగిలిన కాస్తా ట్రాఫిక్‌కి పోతుంది. హైదరాబాద్‌లో అయితే అదీ చాలదు. అందువల్ల మీరు గ్రూపులో పెట్టిన మెసేజ్‌ని మేనేజర్ తొమ్మిదింబావుకి కారెక్కబోతూ చూస్తే, ఆయనకు కబురు అందినట్టే గానీ, దానితో చేయగలిగిందేమీ ఉండదు.

మూడు గంటల కంటే ఎక్కువ టైము ఉంటే మెసేజ్‌తో మొదలుపెట్టవచ్చు. అరగంటలో జవాబు రాకపోతే ఫోన్ చేయాల్సిందే. రేపటి గైర్హాజరు ఈరోజు ఆఫీసు టైములోనే తెలిస్తే మెయిల్ చాలు. అదే రోజు పొద్దున రాలేనన్న మొదటి కబురుగా మాత్రం మెయిల్ ఎప్పుడూ పనికిరాదు. మెయిల్ అనేది కుర్చీలో కూర్చున్నాక చూసేది. కుర్చీలో కూర్చునేసరికి మీ బాస్‌కి మీ ఖాళీ కుర్చీ ఎలాగూ కనిపిస్తుంది.

రాత్రి పదకొండింటికే రేపు రాలేనని అర్థమైతే? అప్పుడు ఫోన్ వద్దు. మెసేజ్ పెట్టి, అందులోనే "పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తాను" అని రాసి, ఏడింటికి నిజంగానే చేయండి. ఆరున్నరకు ఫోన్ చేస్తే మర్యాద కాదేమోనని చాలామంది ఎనిమిదిన్నర దాకా ఆగుతారు. ఈ మొహమాటమే పనులు చెడగొట్టేది. రోస్టరు సర్దాల్సిన మనిషికి ఆరున్నరకు నిద్ర చెడినా పర్వాలేదు, తొమ్మిదిన్నరకు దిక్కు తోచకపోవడమే కష్టం.

రెండో మెట్టు: ఫోన్ మాట

అందరూ తేలిక అనుకునేదీ, ఎక్కువమంది పాడుచేసేదీ ఇదే. ఈ కాల్ నలభై సెకన్లది. రెండు నిమిషాలు దాటిందంటే మీరు సంజాయిషీలోకి జారిపోయారనే అర్థం.

చెప్పాల్సినవి నాలుగు, ఈ వరసలోనే. ఎవరు మాట్లాడుతున్నారు. ఈరోజు రాలేరని, ఏ కారణంతో అని ఒక్క ముక్కలో. మీరు లేకపోతే ఆగిపోయే పని ఏది, దాని సంగతేమిటి. మళ్లీ ఎప్పుడు, ఎలా దొరుకుతారు. ఉదాహరణకు:

"సార్, నమస్తే. మూడో కౌంటర్ క్లర్కుని మాట్లాడుతున్నాను. రాత్రి నుంచి జ్వరం, వాంతులు. ఈరోజు రాలేని పరిస్థితి సార్. పదకొండింటికి పెన్షనర్ల ఫారాలు తీసుకోవాల్సింది, ఆ ఫైలు నా టేబుల్ ఎడమ సొరుగులో ఉంది, పక్క కౌంటర్ మేడమ్‌కి ఆ పని తెలుసు. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చి, రేపటి సంగతి సాయంత్రం ఐదింటిలోపు చెబుతాను."

ఇక్కడ ఆగిపోవాలి. ఆగడమే కష్టం. అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తుంది. దాన్ని తట్టుకోలేక మనవాళ్లు మళ్లీ మొదలుపెడతారు: నిన్న బయట తిన్న బిర్యానీ, అర్ధరాత్రి రెండింటికి లేచిన సంగతి, ఇంట్లో ఎవరూ లేకపోవడం. అవతలి మనిషి ఆ నిశ్శబ్దంలో మిమ్మల్ని అనుమానించడం లేదు. మీ కౌంటర్‌లో ఎవరిని కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. మీరు మాట్లాడేకొద్దీ ఆ ఆలోచన తెగిపోతుంది. పైగా కారణాలు ఎక్కువైనకొద్దీ నమ్మకం తగ్గుతుంది. జ్వరం ఒక్కటే చెబితే జ్వరం. జ్వరం, నడుంనొప్పి, అత్తగారికి బాగాలేదు, బండి పంక్చర్ అని నాలుగు చెబితే నాలుగూ పోతాయి.

గొంతు సంగతి. నిజంగా జ్వరం ఉన్నవాళ్లు కూడా ఫోన్ ఎత్తగానే ఇంకాస్త నీరసం కలిపి మాట్లాడతారు. అది వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా మాట్లాడండి. గొంతు నిజంగానే పోయి ఉంటే అది వేరే చెప్పక్కర్లేదు, వినపడుతుంది.

తర్వాతి చిక్కు, అడగడమా చెప్పడమా అన్నది. "సార్, ఈరోజు లీవ్ ఇస్తారా?" అని అడిగితే, ఇవ్వనని అనడానికి ఆయనకు మీరే తలుపు తీసినట్టు. "ఒక్క పూట వచ్చి వెళ్లు" అంటాడు. ఆయన తప్పేం కాదు, మీరు అడిగారు, ఆయన బేరమాడాడు. అలాగని "ఈరోజు నేను రావట్లేదు" అని కొట్టినట్టు చెబితే, మీ ఇష్టంతో మానేసినట్టు వినిపిస్తుంది. రెండింటికీ మధ్యన "రాలేని పరిస్థితి సార్", "రాలేకపోతున్నాను మేడమ్" అన్నది ఏ ఆఫీసులోనైనా చెల్లుతుంది. అందులో మర్యాదా ఉంది, బేరానికి చోటూ లేదు. సారీ ఒక్కసారి చాలు, అది కూడా చివర్లో. ప్రతి వాక్యానికీ సారీ అంటే తప్పు చేసినవాళ్ల మాటలా ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది సగం మాట. "చూస్తాను సార్, కాస్త తగ్గితే మధ్యాహ్నం వచ్చేస్తా." మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాటతో మేనేజర్ చేతులు కట్టేసినట్టే. వస్తారని బదులు మనిషిని పిలవడు. ఒంటిగంటకు మీరు రారు. పొద్దున నుంచి ఒకరి పని ఇంకొకరు ఈడ్చి, మధ్యాహ్నం కూడా వాళ్లే ఈడుస్తారు. వాళ్లకు కోపం మీరు పొద్దున రానందుకు రాదు, మధ్యాహ్నం రానందుకు వస్తుంది. కాబట్టి అనుమానంగా ఉంటే పూర్తిరోజు రానని చెప్పండి. తగ్గితే వెళ్లండి, ఎవరూ గేటు దగ్గర ఆపరు.

ఆయనే "మధ్యాహ్నానికి రాగలవా?" అని అడిగితే జవాబు ముందే నాలుక మీద ఉండాలి: "నన్ను లెక్కలో పెట్టుకోవద్దు సార్, ఈరోజు రాలేను." మళ్లీ అడిగితే ఇదే మాట, ఇవే పదాలతో. కొత్త కారణం కలపొద్దు. కొత్త కారణం వచ్చిందంటే పాతది చాలలేదని మీరే ఒప్పుకున్నట్టు.

ఇంట్లోవాళ్లతో ఫోన్ చేయించడం గురించి కూడా చెప్పాలి. మీరు ఆసుపత్రిలో ఉంటేనో, మాట్లాడే స్థితిలో లేకపోతేనో భార్యో భర్తో చేయడం సరైనదే. మామూలు జ్వరానికి అమ్మతో చేయిస్తే మాత్రం, పని సంగతి అడిగితే ఆవిడకు తెలియదు, మళ్లీ మీకే ఫోన్ వస్తుంది. తోటి ఉద్యోగితో "మా సార్‌కి కాస్త చెప్పవా" అనడం ఇంకా చెడ్డది. అతను మర్చిపోయినా పోవచ్చు. గుర్తుండి చెప్పినా, ఎందుకు, ఎప్పటిదాకా, ఆ ఫైలు ఎక్కడ అన్నవాటికి జవాబు చెప్పలేక అతను తిట్లు తింటాడు.

ఎత్తకపోతే

పూర్తిగా రింగ్ అయ్యేదాకా ఆగండి. ఎత్తకపోతే మూడు నిమిషాలలోపు ఇంకోసారి చేయండి. ఊరికే మూడు నిమిషాలు అనడం లేదు. రాత్రిళ్లు చాలామంది ఫోన్‌ను డు నాట్ డిస్టర్బ్‌లో పెడతారు. అందులో ఒకే నంబరు వెంటనే మళ్లీ చేస్తే రింగయ్యే ఏర్పాటు ఉంటుంది. ఐఫోన్‌లో దానికి గడువు మూడు నిమిషాలు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పదిహేను. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ రెండో కాల్ మోగుతుంది. పది నిమిషాలు ఆగి చేస్తే ఐఫోన్‌లో అది మళ్లీ మొదటి కాల్ కిందే లెక్క.

రెండోసారీ ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, వెంటనే రెండో నంబరుకి చేయండి. మూడోసారి, నాలుగోసారి అదే మనిషికి చేస్తూ కూర్చోకండి. ఆయన బండి మీద ఉండొచ్చు, పూజలో ఉండొచ్చు. ఏడు మిస్డ్ కాల్స్ చూసినవాళ్లకు మొదట వచ్చే అనుమానం ఆఫీసులో ఏదో అంటుకుందని. మిస్డ్ కాల్ ఒక్కటి ఇచ్చి వదిలేస్తే అదీ కబురు కిందికి రాదు.

మూడో మెట్టు: మెసేజ్

ఫోన్‌లో మాట్లాడేశాం కదా, ఇంకా మెసేజ్ ఎందుకు అంటారు. నిద్రమత్తులో విన్నమాట పది నిమిషాల్లో సగం పోతుంది కనుక. ఫైలు ఎడమ సొరుగా, కుడి సొరుగా అన్నది ఆయన ఎవరికో చెప్పాలి. మీ మెసేజ్ ఉంటే దాన్నే ఫార్వర్డ్ చేస్తాడు. కాబట్టి ఫార్వర్డ్ చేయడానికి పనికొచ్చేలా రాయండి:

"సార్, ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు ఈరోజు 14, మంగళవారం రాలేకపోతున్నాను. పెన్షనర్ల ఫారాలు: నా టేబుల్ ఎడమ సొరుగు, పచ్చ ఫైలు. ఉదయం 11కి వస్తారు. ఇంకేమైనా కావాలంటే 12 తర్వాత ఫోన్‌లో ఉంటాను."

ఇందులో జ్వరం, వాంతులు లేవు, గమనించండి. మీ ఒంటి సంగతి బాస్‌కి ఫోన్‌లో చెప్పారు. ఈ మెసేజ్ నలుగురి చేతుల్లోకి వెళుతుంది. తేదీ, వారం రెండూ ఉన్నాయి. "ఈరోజు" అని మాత్రమే రాస్తే, రాత్రి పదకొండున్నరకు పంపినది పొద్దున చూసినవాళ్లకు ఏ ఈరోజో తెలియదు.

ఫోన్‌లో చెప్పకుండా నేరుగా మెసేజ్‌తోనే మొదలుపెట్టే రోజుల్లో ఒక జబ్బు ఉంది. "సార్" అని ఒక మెసేజ్. ఐదు నిమిషాలకు "గుడ్ మార్నింగ్ సార్". ఆయన "చెప్పు" అనేదాకా మౌనం. మర్యాద అనుకుని చేస్తారు. లాక్ స్క్రీన్ మీద "సార్" అని కనపడితే ఏ మేనేజరైనా తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాడు. పలకరింపు, విషయం ఒకే మెసేజ్‌లో, విషయం మొదటి వాక్యంలో ఉండాలి. ఫోన్ తెరవకుండానే చదవగలిగేది ఆ మొదటి వాక్యమే.

ముందు ఆయనకు విడిగా పంపి, తర్వాతే గ్రూపులో పెట్టండి. గ్రూపులో ఒక్క లైను చాలు: "ఈరోజు నేను లేను, మూడో కౌంటర్ పని గురించి మేనేజర్ సార్‌కి చెప్పాను." గ్రూపులో మాత్రమే పెడితే, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య అది కొట్టుకుపోతుంది. అందరూ చూసినా, ఇంకెవరో చూసుకుంటారని అందరూ అనుకుంటారు.

టిక్కుల సంగతి తెలిసిందే. ఒక టిక్కు అంటే అది ఇంకా ఆయన ఫోన్‌కే చేరలేదు, డేటా ఆపేసి పడుకున్నారేమో. అప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ పంపండి, దానికి నెట్ అక్కర్లేదు. రెండు బూడిదరంగు టిక్కులంటే చేరింది, చూశారో లేదో తెలియదు. నీలం టిక్కులంటే తెరిచారు. కానీ ఎదుటివాళ్లు రీడ్ రిసీట్లు ఆపేసుకుంటే చూసినా నీలం రాదు. గ్రూపులో మాత్రం ఆ దాపరికం కుదరదు, మెసేజ్ ఇన్ఫోలో ఎవరు చూశారో కనపడుతుంది. ఇన్ని లెక్కలు చూడటం కంటే "ఓకే" అన్న ఒక్క జవాబు రాబట్టుకోవడం మేలు. అది రానంతవరకూ చెప్పినట్టు కాదు.

వాయిస్ నోట్ పంపేవాళ్లకో మాట: వద్దు. నిమిషం నలభై సెకన్ల వాయిస్ నోట్‌ను మీటింగ్‌లో ఉన్నవాళ్లు వినలేరు, బస్సులో ఉన్నవాళ్లకు సరిగా వినపడదు, సొరుగు ఏదో వెతకాలంటే మొదటి నుంచీ వినాలి. అది మాట్లాడేవాళ్లకు సుఖం, వినేవాళ్లకు శిక్ష.

నాలుగో మెట్టు: మెయిల్

ఇది మధ్యాహ్నం, మీరు కాస్త కోలుకున్నాక. దీని స్వరం పూర్తిగా వేరు, ఎందుకంటే దీన్ని చదివే మనిషి వేరు. ఫోన్ ఎత్తిన మనిషికి మీరు తెలుసు, మీ గొంతు తెలుసు. మెసేజ్ చదివేవాళ్లు తొందరలో ఉన్నారు, వాళ్లకు సొరుగు కావాలి. మెయిల్‌ను మాత్రం ఆరు నెలల తర్వాత, మీ ముఖం చూడని హెచ్‌ఆర్ మనిషి తెరవొచ్చు. జీతంలో ఒక రోజు కోత పడి మీరు అడిగినప్పుడు ఆ మనిషి చూసేది దీన్నే. కాబట్టి "ఇందాక చెప్పినట్టు", "ఆ పని" లాంటివి ఇందులో ఉండకూడదు. ఇందాక అంటే ఎప్పుడో, ఆ పని అంటే ఏదో అక్కడ ఎవరికీ తెలియదు.

సబ్జెక్టులోనే సెలవు రకం, తేదీ ఉండాలి: "సిక్ లీవ్, జులై 14". మన ఆఫీసుల్లో ఇది ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళుతుంది కాబట్టి చాలామంది నెట్‌లో దొరికిన నమూనా దించేస్తారు. వినయవిధేయతలతో సవినయంగా వేడుకునే ఆ బడి సెలవుచీటీ బాణీ అక్కర్లేదు. లోపల మూడు వాక్యాలు: ఏ తేదీన, ఏ కారణంతో రాలేదు, ఆ ఉదయం 6:50కి ఎవరికి ఫోన్‌లో తెలియజేశారు, పోర్టల్‌లో అప్లై చేశారా, సర్టిఫికెట్ ఉంటే ఎప్పుడు ఇస్తారు. ఫోన్ చేసిన టైము రాయడం మర్చిపోకండి, రేపు "చెప్పకుండా మానేశారు" అన్న మాట వస్తే మీకున్న ఆధారం అదే. కారణం దగ్గర "అనారోగ్యం" చాలు. మందుల చీటీ ఫొటో అడగకుండా జత చేయకండి. అందులో మీ జబ్బు, మీ మందులు అన్నీ ఉంటాయి, సీసీలో ఉన్న ప్రతివాళ్లకూ అది చేరుతుంది.

చిక్కుముడి కేసు ఒకటి: తాళం మీ దగ్గరుంటే

బ్యాంకు బ్రాంచిలో నగదు ఉండే స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఒక్కరి చేతిలో ఉండవు. ఇద్దరి జాయింట్ కస్టడీలో ఉంటాయి, ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆ ఇద్దరిలో ఒకరైన క్యాష్ ఆఫీసర్‌కి సోమవారం పొద్దున ఆరింటికి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి అనుకుందాం. బ్రాంచి పదింటికి తెరవాలి. ఆదివారం సెలవు తర్వాత రోజు కాబట్టి తొమ్మిదిన్నరకే జనం మెట్ల మీద ఉంటారు.

మామూలు కౌంటర్ క్లర్కు రాకపోతే క్యూ పెరుగుతుంది. ఈయన రాకపోతే నగదు బయటికే రాదు. కాబట్టి ఇక్కడ మూడు గంటల లెక్క కూడా చాలదు, తెలిసిన నిమిషమే ఫోన్. ఆరుంబావుకి బ్రాంచి మేనేజర్‌కి చేయాలి, మొదటి రెండు వాక్యాల్లోనే తాళం సంగతి రావాలి: "సార్, నాకు బాగా నీరసంగా ఉంది, ఈరోజు రాలేను. తాళం నా దగ్గరే ఉంది. చార్జి ఎవరికి ఇవ్వమంటారు?" జ్వరం గురించి ముందు రెండు నిమిషాలు మాట్లాడి తాళం సంగతి చివర్లో చెబితే, ఆ రెండు నిమిషాలూ మేనేజర్ మామూలు లీవ్ అనుకుని వింటాడు.

ఇక్కడ అడుగుతున్నది సెలవు కాదని గమనించండి. రాలేనన్నది చెప్పేశారు. అడిగింది చార్జి ఎవరికన్నది, అది ఆయన తేల్చాల్సిందే. తాళం చేతులు మారాలంటే తీసుకునేవాళ్లు, ఇచ్చేవాళ్లు రిజిస్టరులో సంతకాలు చేయాలి. ఎవరిని పంపాలి, సంతకం ఎక్కడ, పై ఆఫీసుకి ఎవరు చెప్పాలి అన్నవి ఆ బ్యాంకు నిబంధనల ప్రకారం మేనేజర్ చూసుకుంటారు. డూప్లికేట్ తాళాలు ఉంటాయిగా అనుకోవద్దు. అవి అదే బ్రాంచిలో ఉండవు, వేరేచోట భద్రం చేసి ఉంటాయి, తెప్పించాలంటే అదొక పెద్ద తతంగం. పక్కింటి కుర్రాడితోనో, దారిలో ఉన్న తోటి ఉద్యోగితోనో కవర్‌లో పెట్టి పంపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఆ రోజు నగదులో తేడా వస్తే సంతకం లేని ఆ చేతిమార్పిడికి జవాబు చెప్పాల్సింది మంచం మీదున్న మనిషే.

ఈ కేసులో మెసేజ్ కూడా మారిపోతుంది. మేనేజర్‌కి విడిగా పంపేదాంట్లో "6:15కి ఫోన్‌లో చెప్పిన విషయం గురించి, మీరు పంపే అధికారి కోసం ఇంట్లోనే ఉంటాను" అంటే చాలు. తాళం అన్న మాటే వద్దు. గ్రూపులో అసలే వద్దు. స్ట్రాంగ్ రూమ్ తాళం ఫలానా వాళ్ల ఇంట్లో ఉందని, ఆ మనిషి మంచం దిగలేని స్థితిలో ఉన్నాడని ముప్పైమంది ఉన్న గ్రూపులో రాయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టి ఊరుకోవడం ఇక్కడ కుదరదు. మేనేజర్, తర్వాత రెండో కస్టోడియన్, ఆ తర్వాత రీజినల్ ఆఫీసులో తెలిసిన అధికారి, ఇలా ఎవరో ఒకరు గొంతుతో "సరే" అనేదాకా చేస్తూనే ఉండాలి.

మధ్యాహ్నం పెట్టే మెయిల్‌లో అనారోగ్యం ఒక వాక్యం. తాళం చార్జి ఎన్ని గంటలకు, ఏ అధికారికి, రిజిస్టరులో సంతకంతో అప్పజెప్పారన్నది రెండో వాక్యం. ఈ రెండో వాక్యం ముందు మొదటిది లెక్కలోకే రాదు.

సాయంత్రం

ఐదింటిలోపు చెబుతానన్నారు కాబట్టి ఐదింటిలోపే చెప్పాలి. తగ్గినా, తగ్గకపోయినా. దీనికి మెసేజ్ చాలు, ఎందుకంటే రేపటి పదింటికి ఇంకా పదిహేడు గంటలుంది, సర్దుకోవడానికి ఆఫీసులో మనుషులు ఇంకా ఉన్నారు. "రేపు వస్తున్నాను సార్" లేదా "రేపు కూడా రాలేను, ఎల్లుండి వస్తాను", ఈ రెండింట్లో ఒకటి. "రేపు పొద్దున చూసి చెబుతాను" అంటే ఆయన్ని మళ్లీ ఆరున్నరకు నిద్ర లేపుతానని చెప్పినట్టే. అదొక్కటే దారి అయితే ఆ టైము కూడా మెసేజ్‌లోనే రాసేయండి, ఫోన్ దగ్గర పెట్టుకుని పడుకుంటారు.